కొత్తగా వచ్చినవారికి: పప్పును కుక్కర్‌లో వేయకముందే తూచండి

గుంటూరు, బెజవాడల నుంచి ఇక్కడికి, అమెరికాకి, కొత్తగా వచ్చిన శాకాహారి తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఈ నాలుగు మాటలు. గది, సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా సంగతి మీ సీనియర్లు చెబుతారు. ప్రోటీన్ లెక్క దగ్గర మాత్రం వచ్చినవాళ్ళందరూ ఒకేచోట తప్పుతున్నారు.

మొన్న ఒక కుర్రాడు ఫోన్‌లో రాసుకున్న లెక్క చూపించాడు. 200 గ్రాముల పప్పు తిన్నాడట, అందుకని 44 గ్రాముల ప్రోటీన్ వేసుకున్నాడు. కందిపప్పులో 100 గ్రాములకు దాదాపు 22 గ్రాముల ప్రోటీన్ ఉన్నమాట నిజమే. కానీ అది ప్యాకెట్‌లోంచి తీసిన ఎండు పప్పుకి. అతను తూచింది కంచంలోని పప్పుని. అందులో చాలా భాగం నీళ్ళు, టమాటా, గోంగూర.

కాబట్టి తూకం పొయ్యి మీద పెట్టకముందే జరగాలి. ముగ్గురు కలిసి వండుకునే గదినే తీసుకుందాం. 150 గ్రాముల కందిపప్పు వేశారు, అంటే గిన్నె మొత్తానికి 33 గ్రాముల ప్రోటీన్. ఎన్ని నీళ్ళు పోసినా అది పెరగదు, తరగదు. తాలింపు అయ్యాక గిన్నెతో సహా తూచి, ముందే చూసిపెట్టుకున్న ఖాళీ గిన్నె బరువు తీసేయండి. పప్పు 750 గ్రాములు తేలిందనుకోండి. మీరు 200 గ్రాములు వడ్డించుకుంటే మీ వాటా 33ను 750తో భాగించి 200తో గుణించినంత, అంటే సుమారు 9 గ్రాములు. అదే 150 గ్రాముల పప్పుని గట్టి ముద్దపప్పుగా దించితే గిన్నెలో 500 గ్రాములే ఉండొచ్చు, అప్పుడు అదే 200 గ్రాముల్లో 13 వస్తాయి. రెండు గరిటెలు తిన్నాననే లెక్క అందుకే పనికిరాదు. గరిటె ఒకటే, పప్పు పలచనా చిక్కనా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది.

పప్పుచారు సంగతి మరీ అన్యాయం. 50 గ్రాముల పప్పుతో లీటరున్నర చారు కాస్తారు. గిన్నె మొత్తానికి ఉన్నదే 11 గ్రాములు. అందులో 200 గ్రాములు పోసుకుంటే ఒకటిన్నర గ్రాము దక్కుతుంది. వారమంతా పప్పుచారూ ఆవకాయా తిని, రోజూ పప్పు తింటున్నానని అమ్మకి ఫోన్‌లో చెప్పకండి!

అన్నానికీ ఇదే పద్ధతి: 100 గ్రాముల బియ్యానికి 7 గ్రాములు. పెరుగు దగ్గర డబ్బా వెనక అంకె చదవాలి. మామూలు పెరుగులో 100 గ్రాములకు మూడున్నర దాకా, గ్రీక్ యోగర్ట్‌లో 9, 10 దాకా ఉంటుంది. కొబ్బరిపాల యోగర్ట్‌లో చాలా రకాల్లో ఒక్క గ్రాము కూడా కష్టమే. తెల్లగా పుల్లగా ఉందని సోర్ క్రీమ్ కొనుక్కుని పెరుగన్నం కలిపేవాళ్ళూ ఉన్నారు. అది కొవ్వు ఎక్కువ, ప్రోటీన్ తక్కువ సరుకు. లేబుల్ మీది అంకె ఒక సర్వింగ్‌కి. ఆ సర్వింగ్ ఎన్ని గ్రాములో పక్కనే రాసి ఉంటుంది, అది చూడకుండా అంకె ఎత్తి రాసుకోకండి.

ఎంత కావాలి అంటారా. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది పెద్దవాళ్ళకు కిలో బరువుకి 0.83 గ్రాములు. అయితే అది నాణ్యమైన ప్రోటీన్‌కి. తిండిలో అన్నమే ఎక్కువైతే కిలోకి ఒక గ్రాము పెట్టుకోండి. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యం పూడుస్తుంది. పాలు, పెరుగు రెండు లోట్లనూ సర్దుతాయి. అన్నీ ఒకే ముద్దలో పడాల్సిన పనిలేదు, ఆ రోజులో పడితే చాలు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన అంకెనే పాటించాలి.

ఇప్పుడు 60 కిలోల మనిషికి కూడి చూద్దాం. పూటకి 100 గ్రాముల బియ్యంతో 7, పైన చెప్పిన పప్పు 200 గ్రాములతో 9, మామూలు పెరుగు 200 గ్రాములతో 7, మొత్తం 23. రెండు పూటలకి 46. పొద్దున 50 గ్రాముల పెసలతో పోసుకున్న పెసరట్లు ఇంకో 11. మొత్తం 57. కావాల్సింది 50 నుంచి 60 మధ్య. సరిపోయింది, పొడి డబ్బాలేవీ కొననక్కర్లేదు. ఒక పూట పప్పు మానేసి పచ్చడితో సరిపెడితే 9 పోతాయి, 48కి దిగుతారు. ఆ రోజు మామూలు పెరుగు బదులు గ్రీక్ యోగర్ట్ 150 గ్రాములు తీసుకుని, నీళ్ళు కలిపి పలచన చేసుకుని అన్నంలో పోసుకోండి. ఏడు పోయి పద్నాలుగు వస్తాయి, లోటు చాలావరకు తీరుతుంది.