ఒకటి నుంచి ఐదు వరకు: అప్రైజల్ రేటింగ్‌లో ఏ అంకెకి ఏం అర్థమో ఎలా రాసుకోవాలి?

చాలా అప్రైజల్ ఫారాల్లో అంకెల పక్కన ఇలా ఉంటుంది: 5 అద్భుతం, 4 చాలా బాగుంది, 3 బాగుంది, 2 మెరుగుపడాలి, 1 బాగాలేదు. ఒక టీమ్ లీడ్‌కి 'బాగుంది' అంటే తప్పు చేయకపోవడం. పక్క టీమ్ లీడ్‌కి అదే మాట కాస్త ఎక్కువ మెప్పు. ఒకే రకం పని చేసిన ఇద్దరికి ఒకచోట 3, ఇంకోచోట 4 పడుతుంది. హైక్ లెటర్లు వచ్చిన రోజున గొడవ మొదలవుతుంది. విశేషణాలు తీసేసి, కంటికి కనిపించే పనులు రాస్తే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1963లో ప్యాట్రిషియా కెయిన్ స్మిత్, లోర్న్ కెండాల్ అనే పరిశోధకులు నర్సుల పనిని అంచనా వేయడానికి దీన్ని రూపొందించారు. స్కేలు మీద మాటలు పైనుంచి దిగకుండా, ఆ పనిని రోజూ చూసే హెడ్ నర్సుల నుంచే రావాలన్నది వాళ్ల ఆలోచన. ఒక ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ కేర్ టీమ్‌ని ఉదాహరణగా తీసుకుని అదెలా చేయాలో చూద్దాం.

ముందు ఒక్క అంశం తీసుకోండి

'మొత్తం మీద పనితీరు' అనే దానికి ఐదు నిర్వచనాలు రాయలేరు. అందులో మాటతీరు, వేగం, హాజరు అన్నీ కలిసిపోతాయి. మన ఉదాహరణకి 'ఫిర్యాదుని చివరిదాకా పట్టించుకోవడం' అన్న ఒక్క అంశం చాలు. మిగతా వాటికి విడిగా స్కేళ్లు ఉండాలి. అయితే ఒక ఉద్యోగానికి నాలుగైదు అంశాలు దాటితే నింపేవాళ్లు విసిగిపోయి అన్నిటికీ 3 పెట్టేస్తారు.

జరిగిన సంఘటనలు పోగు చేయండి

ఐదుగురు టీమ్ లీడ్‌లని కూర్చోబెట్టి, గత ఆరు నెలల్లో ఈ అంశంలో తాము స్వయంగా చూసిన సంఘటనలు తలా పది రాయమనండి. మంచివి, చెడ్డవి, మామూలువి అన్నీ కావాలి. పేర్లు వద్దు. పరిస్థితి ఏమిటి, ఉద్యోగి ఏం చేశారు, ఫలితం ఏమైంది అన్న మూడే ఉండాలి. 'చాలా బాధ్యతగా వ్యవహరించారు' అని రాస్తే చెల్లదు. 'లైన్‌మన్ రావడం ఆలస్యమైతే కస్టమర్‌కి తానే ఫోన్ చేసి చెప్పారు' అంటే చెల్లుతుంది.

తరువాత ఆ చీటీలన్నీ కలిపేసి ఐదుగురికీ ఇవ్వండి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ప్రతి చీటీ మీద 1 నుంచి 5 వరకు అంకె వేయాలి. ఐదుగురిలో నలుగురు ఒకే అంకె వేసినవి మీకు పనికొస్తాయి. ఒకరు 2, ఇంకొకరు 4 వేసిన చీటీని నిర్వచనంలోకి తీసుకోకండి. కానీ పారేసే ముందు అదెందుకు చీలిందో అడగండి.

ఇలాంటి చీటీ ఒకటి దాదాపు ప్రతి ఆఫీసులోనూ వస్తుంది: 'షిఫ్ట్ అయిపోయినా రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని పెండింగ్ టికెట్లు చూశారు.' ఒకరు 5 వేస్తారు, ఇంకొకరు 3. ఎక్కువసేపు కూర్చోవడం ఫిర్యాదుని పట్టించుకోవడం కాదు. పగలు ఆ టికెట్లు ఎందుకు మిగిలాయో కూడా ఈ చీటీలో లేదు. ఆలస్యంగా ఇంటికి వెళ్లేవాళ్లకి ఊరికే మార్కులు పడటం మన దగ్గర పాత అలవాటు. దాన్ని ఆపాల్సింది ఇక్కడే.

3తో మొదలుపెట్టి రాయండి

చాలామంది 5తో మొదలుపెడతారు. అలా చేస్తే 3 దగ్గరికి వచ్చేసరికి 'అంత బాగా కాదు' అనడం తప్ప చెప్పడానికేమీ మిగలదు. 3 అంటే ఉద్యోగానికి ఏం చేయాలో అది పూర్తిగా చేసినట్టు, లోటు ఉన్నట్టు కాదు. కాబట్టి ముందు దాన్ని తేల్చండి. తరువాత 5, 1 రాయండి. 4, 2 చివర్లో తేలిగ్గా వస్తాయి. మన టీమ్‌కి ఇలా వస్తుంది:

3: టికెట్ సరైన విభాగంలో నమోదు చేసి, ఎప్పటికల్లా అవుతుందో కస్టమర్‌కి చెబుతారు. ఆలస్యమైతే కస్టమర్ మళ్లీ ఫోన్ చేయకముందే తానే కబురు చెబుతారు. నెట్ వచ్చిందని కస్టమర్ అన్నాకే టికెట్ మూస్తారు.

5: 4లో ఉన్నదంతా చేస్తారు. ఒకే వీధి నుంచి, ఒకే రకం ఫిర్యాదులు వస్తుంటే గమనించి, వాటిని కలిపి నెట్‌వర్క్ టీమ్ దృష్టికి తెస్తారు. మూల కారణం సరిచేశారో లేదో కనుక్కుంటారు.

1: కస్టమర్‌ని అడగకుండానే టికెట్ మూసేస్తారు. ఒకసారి చెప్పాక కూడా అదే చేస్తారు.

4: 3లో ఉన్నదంతా చేస్తారు. ఆ కస్టమర్ పాత టికెట్లు చూసి, ఇంతకుముందు ఏం చేసి చూశారో లైన్‌మన్‌కి ముందే చెబుతారు.

2: నమోదు సరిగ్గా చేస్తారు, టైము చెబుతారు. లైన్‌మన్‌కి అప్పగించాక మాత్రం కస్టమర్ మళ్లీ ఫోన్ చేస్తేనో, లీడ్ గుర్తుచేస్తేనో తప్ప అటు చూడరు.

ఇందులో 'తరచుగా', 'ఎక్కువగా', 'ఎప్పుడూ' లాంటి మాటలు లేవని గమనించండి. 3లో 'సాధారణంగా చేస్తారు', 4లో 'తరచుగా చేస్తారు' అని రాస్తే మళ్లీ మొదటికే వచ్చినట్టు. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య పని రకం మారాలి. ఇంకో జాగ్రత్త: 4, 5లో రాసిన పనికి ఆ ఉద్యోగికి అవకాశం ఉండాలి. పాత టికెట్లు చూసే అనుమతే లేని కొత్త బ్యాచ్‌కి పై స్కేలులో 4 అసాధ్యం. అలాంటప్పుడు అనుమతి ఇవ్వాలి, లేదా నిర్వచనం మార్చాలి.

అంకె ఎలా తేల్చాలో కూడా రాసిపెట్టండి

ఒకే మనిషి ఒకరోజు 5లా, ఇంకోరోజు 2లా పని చేస్తారు. ఏది లెక్క? సంవత్సరమంతటి నుంచి, నెలకి ఒకటి చొప్పున, పన్నెండు టికెట్లు కళ్లు మూసుకుని తీయండి. వాటిలో ఎక్కువ భాగం ఏ మెట్టుకి సరిపోతే అదే రేటింగ్. మార్చిలో చేసిన ఒక్క మంచి పనికి 5, చివరి వారంలో జరిగిన ఒక్క తప్పుకి 2 పడటం దీనితో ఆగుతుంది. 1 లేదా 5 ఇచ్చినవాళ్లు కనీసం రెండు టికెట్ నంబర్లు రాయాలని నియమం పెట్టండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వార్షిక నివేదికల్లోనూ ఇలాంటిదే ఉంది. అక్కడ స్కేలు పది వరకు ఉంటుంది. 1, 2 ఇస్తే నిర్దిష్టమైన వైఫల్యాలు, 9, 10 ఇస్తే నిర్దిష్టమైన విజయాలు చూపించాలి.

వాడే ముందు పరీక్షించండి

ఇద్దరు లీడ్‌లకి ఒకే పదిమంది టికెట్లు ఇచ్చి విడివిడిగా రేటింగ్ వేయించండి. ఒక అంకె తేడా అక్కడక్కడా వస్తే కంగారు పడక్కర్లేదు. రెండు అంకెల తేడా వచ్చినచోట మాత్రం ఆగాలి. అప్పుడు ఆ ఉద్యోగి మంచివాడా కాదా అని వాదించకండి. ఏ వాక్యాన్ని ఇద్దరూ వేరుగా చదివారో అడగండి. 'తానే కబురు చెబుతారు' అన్నచోట ఒకరు ఎస్ఎంఎస్ కూడా లెక్కే అనుకున్నారు, ఇంకొకరు ఫోనే అనుకున్నారు. ఏదో ఒకటి తేల్చి వాక్యంలోకి ఎక్కించండి. తేల్చిన నిర్వచనాలు ఉద్యోగుల చేతికి సంవత్సరం మొదట్లోనే అందాలి, అప్రైజల్ నెలలో కాదు.

ఇంత చేసినా ఒకచోట ఈ పద్ధతి పనిచేయదు. 'టీమ్‌లో పది శాతం మందికే 5, పది శాతం మందికి 1 తప్పనిసరి' అని పైనుంచి కోటా ఉంటే, లీడ్ ముందు కోటా చూసి తరువాత నిర్వచనం వెతుక్కుంటారు. కోటా తప్పదంటే దాన్ని హైక్ డబ్బు పంచే దగ్గర పెట్టమని హెచ్‌ఆర్‌ని అడగండి. రేటింగ్ మాత్రం టికెట్లలో కనిపించిన దాన్ని బట్టే పడాలి.