విదేశీ ఉద్యోగానికి రిఫరల్ అడగడం ఎలా?

"సార్, మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఉంటే రిఫర్ చేయగలరు. రెజ్యూమే అటాచ్ చేశాను." ఆమ్‌స్టర్‌డ్యామ్‌లోనో డబ్లిన్‌లోనో పనిచేసే తెలుగువాళ్లకు హైదరాబాద్ నుంచి ఇలాంటి మెసేజ్‌లు తరచూ వస్తుంటాయి. మర్యాదకు ఇందులో లోటేమీ లేదు. కాకపోతే పనంతా అవతలివాళ్ల నెత్తిన పడింది. ఏ ఉద్యోగమో వాళ్లే వెతకాలి, ఈ మనిషి దానికి సరిపోతాడో లేదో వాళ్లే చూడాలి, వీసా సంగతి వాళ్లే కనుక్కోవాలి. వీకెండ్‌లో చూద్దాంలే అనుకుంటారు. ఆ తర్వాత మర్చిపోతారు.

రిఫర్ చేసే ఉద్యోగి సాధారణంగా కంపెనీ పోర్టల్‌లో చిన్న ఫారం నింపుతాడు. పేరు, ఈమెయిల్, రెజ్యూమే, జాబ్ ఐడీ ఇచ్చాక చాలా ఫారాల్లో ఇంకో ప్రశ్న ఉంటుంది: ఈ వ్యక్తి మీకెలా తెలుసు, ఈ ఉద్యోగానికి ఎందుకు పనికొస్తారు? ఆ గడిలో వాళ్లు నిజాయితీగా రాయగలిగిన రెండు మూడు వాక్యాలు మీరే అందించాలి. మెసేజ్ రాసేటప్పుడు ఆ ఫారాన్ని కళ్ల ముందు పెట్టుకుంటే ఏం రాయాలో దానంతట అదే తెలుస్తుంది.

ముందు ఉద్యోగం, తర్వాత మనిషి

కంపెనీ కెరీర్స్ పేజీలో ఒక్క ఉద్యోగం ఎంచుకోండి. మరీ అయితే రెండు. ఐదు లింకులు పంపితే ఏది దొరికినా సరే అన్నట్టు ఉంటుంది. ప్రకటన ఇంకా తెరిచే ఉందో లేదో మెసేజ్ పంపే రోజే మరోసారి చూడండి.

ఇక్కడ చాలామంది తొందరపడి ముందే అప్లై చేసేస్తారు. చాలా కంపెనీల సిస్టమ్‌లో మీ ఈమెయిల్‌తో అప్లికేషన్ ఒకసారి పడితే, తర్వాత రిఫర్ చేయబోయిన ఉద్యోగికి ఈ అభ్యర్థి ఇప్పటికే ఉన్నారని చూపిస్తుంది, రిఫరల్ అతకదు. కాబట్టి ముందు అడగండి. ఒకవేళ అప్పటికే అప్లై చేసి ఉంటే ఆ మాట మెసేజ్‌లోనే చెప్పండి. ఏ తేదీన చేశారో కూడా రాస్తే, ఇంకా వీలుందేమో వాళ్లు హెచ్‌ఆర్‌ని అడగగలరు.

వీసా హోంవర్క్ మీదే

"మీ కంపెనీ వీసా ఇస్తుందా?" అని అడగకముందు మీరే చూసుకోగలిగింది కొంత ఉంది. నెదర్లాండ్స్‌లో హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ పర్మిట్ మీద మనిషిని తెచ్చుకోవాలంటే కంపెనీకి అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖ ఐఎన్‌డీ గుర్తింపు ఉండాలి. ఆ కంపెనీల జాబితా ఐఎన్‌డీ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. బ్రిటన్ ప్రభుత్వం కూడా లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల జాబితా పెడుతుంది. జాబితాలో పేరుంటే తీసుకునే అర్హత ఉందని అర్థం, అంతే. ఈ ఉద్యోగానికి తీసుకుంటారో లేదో ప్రకటన చెప్పాలి. ప్రకటన ఏమీ చెప్పకపోతే అప్పుడు ఉద్యోగిని అడగడం సబబు.

అమెరికా లెక్క వేరు. మామూలు కంపెనీల కొత్త హెచ్-1బీకి మార్చిలో రిజిస్ట్రేషన్, ఆపైన ఎంపిక, అన్నీ కుదిరితే అక్టోబర్ నుంచి పని. హైదరాబాద్‌లో కూర్చున్న మనిషికి రిఫరల్ ఈ చిక్కును విప్పలేదు. అమెరికాయే కావాలనుకుంటే, అదే కంపెనీకి గచ్చిబౌలిలోనో నానక్‌రామ్‌గూడలోనో ఆఫీసు ఉంటే ఇక్కడి ఉద్యోగానికి రిఫరల్ అడగడమే తెలివైన దారి అని నా అభిప్రాయం. కనీసం ఏడాది ఇక్కడి ఆఫీసులో పనిచేశాక ఎల్-1 వీసా మీద అమెరికాకు బదిలీకి అవకాశం ఉంటుంది. అది కంపెనీ ఇష్టం అనుకోండి.

ఎవరిని అడగాలి?

మీ పని కళ్లారా చూసినవాళ్లు మొదట. పాత కంపెనీ సీనియర్, ఒకే ప్రాజెక్టులో ఉన్న టెస్టర్, కాలేజీలో జూనియర్ అయినా ఫరవాలేదు. వాళ్లు ఆ దేశంలోనే ఉండాలనీ లేదు. హైదరాబాద్ ఆఫీసులో ఉన్నవాళ్లు కూడా విదేశీ ఆఫీసులోని ఉద్యోగానికి రిఫర్ చేసే వీలు చాలా కంపెనీల్లో ఉంటుంది. తెలియనివాళ్లను అడగాల్సి వస్తే, ఆ టీమ్‌లోనో పక్క టీమ్‌లోనో ఉన్నవాళ్లను వెతకండి. తెలుగు పేరు కనబడింది కదా అని సేల్స్‌లో ఉన్నాయన్ని అడిగితే ఆయన మాత్రం ఏం రాస్తాడు?

మెసేజ్ ఇలా ఉండొచ్చు

మాదాపూర్‌లో పనిచేసే ఒక బ్యాకెండ్ డెవలపర్ అనుకోండి, ఆరేళ్ల అనుభవం. పాత కంపెనీ సీనియర్ ఇప్పుడు ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో ఒక పేమెంట్స్ కంపెనీలో ఉన్నారు.

> అన్నా, బాగున్నారా? మీ కంపెనీలో సీనియర్ బ్యాకెండ్ ఇంజినీర్ ఉద్యోగం చూశాను, ఆమ్‌స్టర్‌డ్యామ్, జాబ్ ఐడీ R-20417. ఇంకా అప్లై చేయలేదు. జావా, కాఫ్కా, పేమెంట్స్ అనుభవం అడిగారు. మనం కలిసి చేసిన సెటిల్‌మెంట్ ప్రాజెక్టు తర్వాత నేను అదే సిస్టమ్‌ను కాఫ్కా మీదకు మార్చాను. నాలుగు గంటలు పట్టే రాత్రి బ్యాచ్ ఇప్పుడు నలభై నిమిషాల్లో అవుతోంది. నాకు స్పాన్సర్‌షిప్ కావాలి. కంపెనీ పేరు ఐఎన్‌డీ జాబితాలో ఉంది. నోటీస్ 60 రోజులు. నా పని మీరు చూశారు కాబట్టి అడుగుతున్నాను. మీకు సరే అనిపిస్తేనే రిఫర్ చేయండి, ఇబ్బంది అయితే మొహమాటం లేకుండా చెప్పండి. ఫారానికి పనికొచ్చే మూడు లైన్లు, రెజ్యూమే పంపమంటే వెంటనే పంపుతాను.

నోటీస్ గడువు రాయడానికి కారణం ఉంది. మన దగ్గర 60, 90 రోజులు మామూలే కానీ అక్కడి మేనేజర్‌కు అది ఎక్కువగా అనిపించవచ్చు. ఆ సంగతి చివర్లో బయటపడే కంటే ముందే తెలియడం మేలు.

తెలియనివాళ్లకైతే ఈ మెసేజ్ కుదరదు. "నమస్తే అండి" అని మొదలుపెట్టి, జాబ్ ఐడీ, మీ పనిలో ఆ ఉద్యోగానికి దగ్గరగా ఉన్న ఒక్క విషయం చెప్పి, వాళ్లు మాత్రమే చెప్పగలిగిన చిన్న ప్రశ్న అడగండి. "ఈ టీమ్‌లోకి ఇండియా నుంచి నేరుగా ఎవరినైనా తీసుకున్నారా?" లాంటిది. జవాబు వచ్చి మాట కలిశాక రిఫరల్ అడగవచ్చు. అప్పుడు కూడా "మీరు నాతో పనిచేయలేదు కాబట్టి ఫారంలో అలాగే రాయండి, అభ్యంతరం లేదు" అని మీరే అంటే వాళ్లకు టెన్షన్ తగ్గుతుంది. కలిసి పనిచేశామని రాయమని మాత్రం అడగవద్దు. ఆ ఫారం మీద ఉండేది వాళ్ల పేరు.

రిఫరల్‌కు డబ్బు తీసుకునే టెలిగ్రామ్ గ్రూపులు, అమీర్‌పేట బాపతు కన్సల్టెన్సీలు ఎదురైతే పక్కకు తప్పుకోండి. రిఫరల్ అమ్ముకున్న ఉద్యోగి దొరికితే అతని ఉద్యోగంతో పాటు మీ అప్లికేషన్ కూడా పోవచ్చు. నిజమైన రిఫరల్‌కైతే చాలా కంపెనీలు ఉద్యోగికి బోనస్ ఇస్తాయి. "మీకూ బోనస్ వస్తుంది కదా" అని మీరు గుర్తు చేయనక్కర్లేదు, వాళ్లకు తెలుసు.

పంపాక

ఆమ్‌స్టర్‌డ్యామ్ మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. మనం పొద్దున తొమ్మిదికి వాట్సాప్ కాల్ చేస్తే అక్కడింకా తెల్లవారుజామే. మెసేజ్ పెట్టి వారం ఆగి, ఒక్కసారి గుర్తు చేయండి. "ఉద్యోగం ఇంకా తెరిచే ఉంది, మీకు వీలుకాకపోతే నేను నేరుగా అప్లై చేస్తాను" అంటే చాలు. దానికీ జవాబు లేకపోతే అప్లై చేసేయండి, మూడోసారి అడగవద్దు.

సరే అన్నారంటే కొన్ని కంపెనీల నుంచి మీకు ఈమెయిల్‌లో లింక్ వస్తుంది. ఆ లింక్‌లోంచే అప్లికేషన్ పూర్తి చేయాలి. స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి, గడువు దాటితే మళ్లీ వాళ్లనే ఇబ్బంది పెట్టాల్సి వస్తుంది. స్పాన్సర్‌షిప్ కావాలా అనే ప్రశ్నకు ఉన్నదున్నట్టు అవుననే పెట్టండి. కాదని పెట్టి ఇంటర్వ్యూలో మాట మారిస్తే రిఫర్ చేసినవాళ్ల పరువు కూడా పోతుంది. పూర్తయ్యాక "లింక్‌లోంచే అప్లై చేశాను అన్నా, థాంక్స్" అని ఒక లైను పెట్టండి. రిజెక్ట్ అయినా ఆ సంగతి చెప్పండి. ఎందుకు రిజెక్ట్ చేశారో కనుక్కోమని మాత్రం అడగవద్దు, సాధారణంగా అది వాళ్లకూ తెలియదు.