పెళ్లి రంగులు ఖాయం చేసే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మన పెళ్లిలో కొన్ని రంగులు ముందే ఖాయమై ఉంటాయి. మధుపర్కాల తెలుపు, వాటి ఎర్ర అంచు, తలంబ్రాల పసుపు, మామిడాకుల పచ్చ. మిగతావి వీటికి కుదిరేలా ఎంచుకోవాలి. చాలామంది ముందు మండపం ఫోటో చూసి ఖాయం చేసుకుంటారు, తిప్పలు అక్కడే మొదలవుతాయి.

వైశాఖంలో రాత్రి ముహూర్తం అనుకుందాం. ఫోటోలో నచ్చిన మండపానికి వెనుక అంతా తెల్ల పూలే. మధుపర్కాలతో కూర్చున్న జంట ఆ తెలుపులో కలిసిపోతుంది, కెమెరాలో అంచు తప్ప బట్ట కనబడదు. కూర్చున్నవారి భుజాల నుంచి తలపై రెండడుగుల వరకు వెనుక భాగాన్ని కొబ్బరాకులతోనో ముదురు పచ్చ ఆకులతోనో నింపి, తెల్ల పూలను పైకీ పక్కలకీ జరపండి.

తర్వాత లైట్లు. ఊదా, నీలం ఎల్‌ఈడీ వెలుగులో పచ్చటి ఆకు నల్లబడుతుంది, బంతిపూలు మసకబారతాయి. మండపం మీద లేత పసుపు ఛాయ ఉన్న తెల్ల లైటే పెట్టించండి, రంగు లైట్లు కావాలంటే ప్రవేశ ద్వారం దగ్గర వేసుకోవచ్చు. చీర ముక్క, డెకరేషన్ గుడ్డ, నాలుగు పూలు తీసుకెళ్లి ఆ హాల్లోనే, ఆ లైట్ల కిందే, రాత్రిపూట పక్కపక్కన పెట్టి చూడండి. షాపులో ఒకటిగా కనిపించిన రెండు ఎరుపులు అక్కడ వేరుగా తేలడం మామూలే. హాల్ తివాచీ, కుర్చీల కవర్ల రంగు కూడా అప్పుడే చూసుకోవాలి, అవి మార్చడం ఖర్చుతో కూడిన పని.

మల్లెలు సాయంత్రం విచ్చుకుంటాయి కనుక రాత్రి పెళ్లికి మధ్యాహ్నం మొగ్గలుగా కట్టించి, తడిగుడ్డలో చుట్టి ఉంచితే చాలు. ఉదయం పది గంటల ముహూర్తానికి మాత్రం ముందురోజు మల్లెలు గోధుమరంగుకు తిరిగిపోతాయి. అప్పుడు తెలుపు కోసం చామంతి మీద ఆధారపడటం మేలు, అదీ చలికాలంలోనే బాగా దొరుకుతుంది. ఏ నెలలో ఏ పూలు వస్తాయో పూలమ్మేవారిని అడిగాకే రంగు అనుకోండి. రంగు వేసిన నీలం, ఊదా పూలను దండల్లో వాడనివ్వకండి. తడి తగిలితే ఆ రంగు దిగి మధుపర్కాలకు అంటుతుంది.

బంధువుల బట్టలకు ఒకే రంగు చెప్పకండి. పెళ్లికూతురితోపాటు అందరూ ఒకే పసుపు కడితే ఆమె వారిలో కలిసిపోతుంది. పెళ్లికూతురిది ఎరుపైతే దాన్ని ఆమెకే వదిలి, దగ్గరివారికి వంకాయ రంగు, చిలకపచ్చ, మామిడిపండు పసుపు, ఈ మూడింట్లో ఇష్టమైనది కట్టుకోమనండి. ఫోన్‌లో ఫోటో పంపితే ఒక్కో తెరపై ఒక్కో రంగు కనబడుతుంది. రెండంగుళాల గుడ్డముక్క శుభలేఖతోపాటు ఇవ్వండి. తోడికోడళ్లకు, మేనత్తలకు ఒకే రకం చీరలు పెట్టాలనుకుంటే అన్నీ ఒకేసారి, ఒకే అద్దకం నుంచి కొనండి. నెల తర్వాత అదే చీర అడిగితే ఛాయ మారిపోవచ్చు.