వీపీఎన్ కొనేముందు మీ రౌటర్‌లో ఇది చూడండి

హోటల్ వైఫై మీద నమ్మకం లేక చాలామంది ఏడాదికి సరిపడా వీపీఎన్ ప్లాన్ కొనేస్తుంటారు. మీ భయం ఆ వైఫై నడిపేవాళ్ల గురించే అయితే ఇంటి రౌటరే చాలు.

రౌటర్ సెట్టింగుల్లో VPN Server కింద WireGuard అనే వీపీఎన్ పద్ధతి ఉంటే ఆన్ చేసి, ఫోన్‌ని జతచేసి, WireGuard యాప్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. యాప్‌లో AllowedIPs దగ్గర `0.0.0.0/0, ::/0` ఉంటేనే ఫోన్ ట్రాఫిక్ అంతా ఇంటి మీదుగా వెళ్తుంది. ఇంటి ఐపీ మారుతుంటే ఐపీ మారినా ఇంటి రౌటర్‌నే చూపే DDNS పేరు రౌటర్‌లోనే పెట్టుకోండి. అరగంట పని. బయటున్నప్పుడు ఇంటి కెమెరా కూడా చూసుకోవచ్చు. వేగం మాత్రం ఇంటి అప్‌లోడ్ స్పీడును మించదు.

అన్నిటికంటే ముందు రౌటర్‌లో WAN IP చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ కనెక్షన్ సీజీనాట్ వెనకుంది, అంటే చాలామంది ఒకే పబ్లిక్ ఐపీ పంచుకుంటున్నారు, బయటి నుంచి ఫోన్ కలవదు. ప్రొవైడర్‌ని పబ్లిక్ ఐపీ అడగాలి.

వెబ్‌సైట్లకు మీ ఇంటి ఐపీ కనపడకూడదన్నా, మీరు ఏ సైట్లు చూస్తున్నారో ఇంటి ఇంటర్నెట్ కంపెనీకి తెలియకూడదన్నా ఇది పనికిరాదు. అద్దె సర్వర్ తీసుకుని దాని మీద సొంత వీపీఎన్ పెట్టుకున్నా అంతంతమాత్రమే: ఆ ఐపీ వాడేది మీరొక్కరే, బిల్లూ మీ పేరునే. అలాంటి అవసరముంటే వందలమంది ఒకే ఐపీ పంచుకునే కమర్షియల్ సర్వీసుకే డబ్బు పెట్టండి.