కూర్చుంటే 97, నడిస్తే 86: డీఎల్‌సీఓ ఎందుకు తగ్గిందో పట్టుకోవడం

సమస్య

నెల్లూరులో ఊపిరితిత్తుల పరీక్షలు చేసేచోట తరచుగా వినిపించే మాట ఇది: "కూర్చుంటే ఏం లేదు సార్, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తా ఉంది." వేలికి ఆక్సిమీటర్ పెడితే 97 చూపిస్తుంది. దాంతో చాలామంది గుండెకో టెన్షన్‌కో మందులు వాడి, చివరికి మా దగ్గరికి వస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సైదాపురం వైపు తెల్ల క్వార్ట్జ్ రాయిని పొడి చేసే యూనిట్లో ఏళ్ల తరబడి పనిచేసిన 44 ఏళ్ల మనిషి. వరండాలో ఆరు నిమిషాలు నడిపిస్తే ఆక్సిజన్ 97 నుంచి 86కి పడింది. గాలి ఊదించి కొలిచే స్పైరోమెట్రీలో గాలి బయటికి రావడానికి అడ్డేమీ లేదు, కానీ ఊపిరితిత్తి పట్టే గాలే తక్కువ. డీఎల్‌సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్‌తో కొలిచే వ్యాపన సామర్థ్యం, 27 ఉండాల్సింది 13 వచ్చింది. అంటే 48 శాతం.

కూర్చున్నప్పుడు ఎందుకు దొరకదు

వాయుగోణికీ రక్తానికీ మధ్య ఉండే శ్వాస త్వచం మందం సగటున 0.6 మైక్రాన్లు. దాన్నంతా పరిస్తే 70 చదరపు మీటర్లు. దాని గుండా వాయువు ఎంత వేగంగా దాటుతుందో ఈ సూత్రం చెబుతుంది:

```
V = A × D × (P1 − P2) / T
```

A వైశాల్యం, T మందం, P1 − P2 రెండు వైపులా ఉన్న పాక్షిక పీడనాల తేడా. D వాయువు సొంత గుణం: ద్రావణీయత పెరిగితే పెరుగుతుంది, అణుభారం వర్గమూలం పెరిగితే తగ్గుతుంది. కార్బన్ డై ఆక్సైడ్ కాస్త బరువైనదే అయినా బాగా కరుగుతుంది కాబట్టి ఆక్సిజన్ కన్నా 20 రెట్లు తేలిగ్గా దాటిపోతుంది. అందుకే త్వచం పాడైనప్పుడు ముందు దెబ్బ తగిలేది ఆక్సిజన్‌కే. ఈయన రక్తపరీక్షలో కార్బన్ డై ఆక్సైడ్ మామూలుగా ఉందని ఊపిరితిత్తులు బాగున్నాయనుకోకూడదు.

విశ్రాంతిలో ఎర్రకణం ఊపిరితిత్తి కేశనాళికలో దాదాపు 0.75 సెకన్లు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో మొదటి 0.25 సెకన్లలోనే ఆక్సిజన్ నిండిపోతుంది. మిగిలిన అర సెకను మిగులే. త్వచం మందమైతే ఈ మిగులులోంచి వాడుకుంటూ కణం ఎలాగో నిండుతుంది, ఆక్సిమీటర్ 97 చూపిస్తుంది. నడిస్తే రక్తం పరుగెత్తి కణానికి దొరికే సమయం తగ్గిపోతుంది. మిగులు కరిగిపోయాక కణం పూర్తిగా నిండకుండానే బయటికొస్తుంది. కాబట్టి ఆయాసం నడిస్తేనే వస్తుందని ఎవరైనా చెబితే, ఆక్సిమీటర్ కూడా నడిపించే పెట్టాలి.

మొదట అనుమానించాల్సింది పరీక్షనే

డీఎల్‌సీఓలో రోగి 0.3 శాతం కార్బన్ మోనాక్సైడ్ ఉన్న గాలిని నిండుగా పీల్చి, 10 సెకన్లు బిగబట్టి వదులుతాడు. హిమోగ్లోబిన్ ఈ వాయువును గట్టిగా పట్టేస్తుంది కాబట్టి రక్తం వైపు పీడనం దాదాపు సున్నా. అలా లెక్కలో ఒక తెలియని సంఖ్య తగ్గుతుంది.

కానీ రోగి సగమే పీల్చి ఆగిపోతే ఫలితం తక్కువ వస్తుంది. పీల్చిన గాలి అతని పూర్తి సామర్థ్యంలో కనీసం 90 శాతం ఉండాలి. రెండు ప్రయత్నాల మధ్య 4 నిమిషాలు ఆగి, రెండింటికీ తేడా 2 యూనిట్లు దాటకుండా చూడాలి. పొద్దున్నే బీడీయో చుట్టో కాల్చి వచ్చిన మనిషి రక్తంలో ముందే కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దాంతో అంకె ఇంకా పడిపోతుంది. "ఈ రోజు కాల్చావా?" అంటే లేదనే చెబుతారు. "ఇవాళ మొదటిది ఎప్పుడు?" అని అడిగితే నిజం బయటికొస్తుంది. మన ఉదాహరణలో పరీక్ష సరిగ్గానే జరిగింది.

రెండోది రక్తం

వాయువు త్వచం దాటాక పట్టుకోవడానికి హిమోగ్లోబిన్ కావాలి. అది తక్కువైతే త్వచం బాగున్నా డీఎల్‌సీఓ తగ్గుతుంది. మగవాళ్లకు సవరణ ఇది:

```
DLCO × (10.22 + Hb) / (1.7 × Hb)
```

ఆడవాళ్లకు 10.22 బదులు 9.38 వేయాలి. ఈయన హిమోగ్లోబిన్ 10.2. లెక్క వేస్తే గుణకం 1.18, డీఎల్‌సీఓ 13 నుంచి 15.3కి వస్తుంది. అంటే 57 శాతం. రక్తహీనత కొంత తీసుకుంది గానీ అంతా కాదు. దానికి కారణం వెతికి వైద్యం చేస్తే నడకలో తేడా తెలుస్తుంది. కానీ ఐరన్ మాత్రలు ఇచ్చి అక్కడితో ఆపేస్తే అసలు జబ్బు దాగిపోతుంది. మన జిల్లాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదేనని నా అభిప్రాయం.

మూడోది: వైశాల్యమా, మందమా

రిపోర్టులో వీఏ, కేసీఓ అని మరో రెండు అంకెలుంటాయి. వీఏ అంటే గాలి చేరిన వాయుగోణుల మొత్తం పరిమాణం. కేసీఓ అంటే ఆ గాలి లీటరుకి ఎంత దాటింది అన్నది. రెంటినీ గుణిస్తే డీఎల్‌సీఓ. ఈయనకు వీఏ 65 శాతం, హిమోగ్లోబిన్ సవరించాక కేసీఓ 88 శాతం.

88 చూసి "ఉన్న ఊపిరితిత్తి బాగానే పనిచేస్తోంది" అని రాసేస్తుంటారు. అది తప్పు. ఆరోగ్యమైన ఊపిరితిత్తిలో సగమే గాలి నింపి కొలిస్తే, తక్కువ గాలి చుట్టూ అంతే రక్తం ఉంటుంది కాబట్టి కేసీఓ 100 దాటి పెరుగుతుంది. వీఏ 65కి పడినా కేసీఓ పెరగలేదంటే మిగిలిన త్వచం కూడా దెబ్బతిన్నదనే. వైశాల్యమూ పోయింది, మందమూ పెరిగింది.

సీటీ స్కాన్‌లో పై భాగాల్లో చిన్న గడ్డలు, మచ్చలు కనిపించాయి. పని చరిత్రతో కలిపితే సిలికోసిస్. క్వార్ట్జ్ అంటే దాదాపు అచ్చమైన సిలికా. చీమకుర్తి గెలాక్సీ రాయిలో క్వార్ట్జ్ చాలా తక్కువ కాబట్టి, రాయి పని చేసిన ప్రతివాడినీ ఒకే గాటన కట్టకుండా ఏ రాయి అని అడగాలి.

స్పైరోమెట్రీ మామూలుగా ఉండి డీఎల్‌సీఓ మాత్రమే పడిపోతే దారి వేరు. అప్పుడు రక్తహీనతతో పాటు ఊపిరితిత్తి రక్తనాళాల్లో రక్తపు గడ్డలు, అధిక పీడనం ఉన్నాయేమో వెతకాలి, గుండె ఎకో చేయించాలి.

పరిష్కారం: సూత్రంలో ఏది మార్చగలం

మచ్చ పడ్డ వైశాల్యం తిరిగిరాదు, మందం పల్చబడదు. అందుకే ముందు దుమ్ములోంచి మనిషిని తప్పించాలి. యూనిట్లో తడిపి పొడి చేసే ఏర్పాటు, దుమ్ము లాగే ఫ్యాన్లు ఉండాలి. ముఖానికి తువ్వాలు కట్టుకుంటే సిలికా కణాలు ఆగవు. ఎన్95 మాస్కు ముఖానికి అతుక్కుంటేనే పని చేస్తుంది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ ముప్పు బాగా ఎక్కువ, కాబట్టి కళ్లె పరీక్ష తప్పనిసరి.

మన చేతిలో మిగిలేది P1. మామూలు గాలితో వాయుగోణిలో ఆక్సిజన్ పీడనం దాదాపు 100 మిల్లీమీటర్ల పాదరసం. ముక్కు గొట్టంతో నిమిషానికి 2 లీటర్లు ఇస్తే పీల్చే ఆక్సిజన్ సుమారు 28 శాతం అవుతుంది, పీడనం 150 దగ్గరికి వెళ్తుంది. త్వచం అదే, తోసే బలం పెరుగుతుంది. ఈయనకు విశ్రాంతిలో అవసరం లేదు. నడకలో 88 కంటే దిగుతోంది కాబట్టి, గొట్టంతో మళ్లీ నడిపించి ఆయాసం, దూరం మెరుగైతే నడకకు మాత్రం ఇవ్వడం గురించి పల్మనాలజిస్టు నిర్ణయిస్తారు.

తర్వాతి డీఎల్‌సీఓ అదే మెషిన్ మీద, ఆ రోజు హిమోగ్లోబిన్ తీసుకుని చేయించాలి. సవరించిన అంకె 57 నుంచి ఏడాదిలో 47కి దిగితే జబ్బు నడుస్తోందన్నమాట. హిమోగ్లోబిన్ చూడకుండా 13 కాస్తా 15 అయిందని సంతోషిస్తే, పెరిగింది రక్తమో ఊపిరితిత్తో ఎవరూ చెప్పలేరు.