ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ చదవడం, 4వ భాగం: చీలిక ఒకటే, అణువులు రెండు

పోయిన భాగంలో ఇంటిగ్రేషన్ చూశాం, అంటే ఏ సిగ్నల్ కింద ఎన్ని ప్రోటాన్లు ఉన్నాయో లెక్కగట్టడం. ఈసారి మిగతా రెండు విషయాలు కలిపి చూద్దాం: సిగ్నల్ ఎక్కడ వచ్చింది, ఎన్ని గీతలుగా చీలింది. విడివిడిగా అడిగితే ఈ రెండూ చాలామంది చెప్పేస్తారు, కెమికల్ షిఫ్ట్ టేబుల్ బట్టీ పట్టేసి ఉంటారు, n+1 సూత్రం టక్కున అప్పజెప్తారు, కానీ అసలు స్పెక్ట్రమ్ చేతిలో పెడితే ఏది దేని గురించి చెప్తోందో కలగాపులగం అయిపోతుంది. ఆ చిక్కు బాగా బయటపడే ఉదాహరణ ఒకటి తీసుకుందాం.

మీకు ఒక ద్రవం ఇచ్చారు, ఫార్ములా C4H8O2, ఎస్టర్ అని మాత్రం తెలుసు. CDCl3లో కలిపి స్పెక్ట్రమ్ తీస్తే మూడు సిగ్నళ్లు వచ్చాయి: మూడు ప్రోటాన్ల సింగ్లెట్, రెండు ప్రోటాన్ల క్వార్టెట్, మూడు ప్రోటాన్ల ట్రిప్లెట్. ఇది చూడగానే "ఇథైల్ ఎసిటేట్" అని రాసేసేవాళ్లు చాలామంది. కాస్త ఆగండి. ఇదే ఫార్ములాతో ఇంకో ఎస్టర్ ఉంది, మిథైల్ ప్రొపనోయేట్. రెండూ పక్కపక్కన రాసి చూడండి:

CH3–CO–O–CH2–CH3 (ఇథైల్ ఎసిటేట్)
CH3–CH2–CO–O–CH3 (మిథైల్ ప్రొపనోయేట్)

రెండింట్లోనూ ఒక ఇథైల్ గుంపు ఉంది, ఒంటరిగా ఒక CH3 ఉంది. కాబట్టి రెండూ సింగ్లెట్, క్వార్టెట్, ట్రిప్లెటే ఇస్తాయి, ఇంటిగ్రేషన్ కూడా రెండింట్లో 3, 2, 3 అనే వస్తుంది. చీలికను మాత్రమే నమ్ముకుంటే ఈ రెండింటినీ విడదీయడం జరగని పని. విడదీసేది స్థానం ఒక్కటే.

ముందు చీలిక సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే క్వార్టెట్ అంటే "నాలుగు ప్రోటాన్లు" అనో "మూడు ప్రోటాన్లు ఉన్న CH3" అనో అనుకోవడం దగ్గరే సగం తప్పులు మొదలవుతాయి. గీతల సంఖ్య ఆ ప్రోటాన్ల గురించి ఏమీ చెప్పదు, పక్క కార్బన్ మీద ఎన్ని ఉన్నాయో చెప్తుంది. ఇథైల్ గుంపులో CH2ని తీసుకోండి. దాని పక్కన CH3 మీద మూడు ప్రోటాన్లు, ఒక్కోదాని స్పిన్ అయస్కాంత క్షేత్రం వైపైనా ఉండొచ్చు, ఎదురుగానైనా ఉండొచ్చు. మూడింటికీ కలిపి ఎనిమిది రకాల అమరికలు. మూడూ ఒకవైపే ఉండే అమరిక ఒకటి, రెండు ఇటు ఒకటి అటు ఉండేవి మూడు, ఒకటి ఇటు రెండు అటు ఉండేవి మూడు, మూడూ ఎదురుగా ఉండేది ఒకటి. గ్లాసులో కోట్లాది అణువులు ఉంటాయి కాబట్టి ఈ నాలుగు రకాల పరిస్థితుల్లో ఉన్న CH2లు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి, అందుకే నాలుగు గీతలు, అవీ 1:3:3:1 ఎత్తుల్లో. అదే CH3 వైపు నుంచి చూస్తే పక్కన ఉన్నవి రెండే, అమరికలు నాలుగు, అందుకే 1:2:1 ట్రిప్లెట్. ఒకే CH3 మీద ఉన్న మూడు ప్రోటాన్లు ఒకదాన్నొకటి ఎందుకు చీల్చుకోవంటే అవి పూర్తిగా సమానమైనవి, వాటి మధ్య కప్లింగ్ ఉన్నా గీతల్లో కనబడదు.

మరి ఒంటరి CH3 సింగ్లెట్‌గా ఎందుకు మిగిలింది? ఇథైల్ ఎసిటేట్‌లో ఎడమ చివరి ప్రోటాన్ నుంచి OCH2 ప్రోటాన్ దాకా బంధాలు లెక్కపెట్టండి: H–C, C–C, C–O, O–C, C–H, మొత్తం అయిదు. ఇలాంటి మామూలు ఒంటి బంధాల గొలుసులో మూడు బంధాలు దాటాక కప్లింగ్ దాదాపు సున్నా అయిపోతుంది, గీతలో తేడా కనబడదు. మిథైల్ ప్రొపనోయేట్‌లో కూడా OCH3 నుంచి CH2 దాకా లెక్కపెట్టి చూడండి, అక్కడా అయిదే.

ఇప్పుడు అంకెలు. మన ద్రవం స్పెక్ట్రమ్‌లో క్వార్టెట్ 4.12 పీపీఎం దగ్గర, సింగ్లెట్ 2.05 దగ్గర, ట్రిప్లెట్ 1.26 దగ్గర వచ్చాయి అనుకోండి. ఇక్కడ చూపు ముందుగా క్వార్టెట్ మీద పడాలి. ఒక CH2 అంత ఎడమకు, 4 దాటి ఎందుకు వెళ్లింది? ప్రోటాన్ చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు బయటి క్షేత్రాన్ని కొంత అడ్డుకుంటాయి, ఆ రక్షణ ఎంత ఎక్కువుంటే సిగ్నల్ అంత కుడికి, టీఎంఎస్ ఉన్న సున్నా వైపు వస్తుంది. మామూలు ఆల్కేన్ గొలుసు చివరి CH3 0.9 దగ్గర ఉండేది అందుకే. ఆక్సిజన్ నేరుగా తగులుకుంటే ఎలక్ట్రాన్లను తనవైపు లాగేస్తుంది, రక్షణ తగ్గుతుంది, సిగ్నల్ ఎడమకు జరుగుతుంది. ఇథనాల్‌లో CH2 3.72 దగ్గర వస్తుంది. ఎస్టర్‌లో అదే CH2 ఇంకా ఎడమకు, 4.12కి పోతుంది, ఎందుకంటే ఆ ఆక్సిజన్ దగ్గరున్న ఒంటరి ఎలక్ట్రాన్ జతను పక్కనున్న C=O తనవైపు గుంజుకుంటుంది, అప్పుడు ఆక్సిజన్ CH2 నుంచి ఇంకాస్త ఎక్కువ లాగుతుంది. ఈ 0.4 పీపీఎం తేడా చిన్నదేం కాదు, ఆల్కహాల్‌ను ఎసిటైలేట్ చేసినప్పుడు రియాక్షన్ అయిందో లేదో ల్యాబ్‌లో చాలాసార్లు దీన్ని చూసే చెప్తారు.

కాబట్టి 4.12 దగ్గర క్వార్టెట్ అంటే ఒకే వాక్యంలో రెండు కబుర్లు: ఈ CH2 ఎస్టర్ ఆక్సిజన్‌కు తగులుకుని ఉంది (స్థానం), దాని పక్కన ఒక CH3 ఉంది (చీలిక). 2.05 దగ్గర సింగ్లెట్ C=O పక్కనున్న CH3, కార్బొనైల్ లాగుడు ఉంది గానీ ఆక్సిజన్ నేరుగా తగిలినంత కాదు. 1.26 ట్రిప్లెట్ ఆక్సిజన్‌కు ఒక కార్బన్ అవతల ఉంది, లాగుడు దూరంతో తగ్గిపోతుంది కాబట్టి 0.9 నుంచి కాస్తే జరిగింది. ఇది ఇథైల్ ఎసిటేట్.

మిథైల్ ప్రొపనోయేట్ అయి ఉంటే ఏం వచ్చేది? సింగ్లెట్ 3.67కి వెళ్లేది, ఎందుకంటే ఇప్పుడు ఆక్సిజన్‌కు తగిలింది ఒంటరి CH3. క్వార్టెట్ 2.3 దగ్గరకు దిగేది, ఎందుకంటే CH2 ఇప్పుడు C=O పక్కన ఉంది. ట్రిప్లెట్ 1.14 దగ్గర. ఆకారాలన్నీ అవే, స్థానాలు మాత్రం సింగ్లెట్‌కీ క్వార్టెట్‌కీ మధ్య తారుమారయ్యాయి. ఎడమ చివర ఉన్నది క్వార్టెట్టా, సింగ్లెట్టా అన్న ఒక్క ప్రశ్నతో జవాబు తేలిపోతుంది.

ఇంకో పని మిగిలింది, చాలామంది వదిలేసేది. క్వార్టెట్, ట్రిప్లెట్ రెండూ కనబడగానే అవి ఒకే ఇథైల్‌వి అని ఊహించేస్తాం. ఊహించక్కర్లేదు, లెక్కేసి చూడొచ్చు. 400 మెగాహెర్ట్జ్ మెషీన్ మీద పీక్ లిస్టులో క్వార్టెట్ గీతలు ఇలా ఉన్నాయి అనుకుందాం: 4.1466, 4.1289, 4.1111, 4.0934. మొదటిదానికీ చివరిదానికీ తేడా 0.0532 పీపీఎం. ఈ మెషీన్ మీద ఒక పీపీఎం అంటే 400 హెర్ట్జ్, కాబట్టి 21.3 హెర్ట్జ్. నాలుగు గీతల మధ్య ఖాళీలు మూడు, మూడుతో భాగిస్తే 7.1. ఇదే J, కప్లింగ్ స్థిరాంకం. ట్రిప్లెట్ గీతలు 1.2778, 1.2600, 1.2423: చివరల తేడా 0.0355, అంటే 14.2 హెర్ట్జ్, ఖాళీలు రెండు, J మళ్లీ 7.1. ఒకదాన్నొకటి చీల్చుకునే గుంపుల J విలువ ఒకటే అయి తీరాలి, ఇక్కడ అయింది. పక్క గీతల మధ్య తేడా కాకుండా చివరల తేడా తీసుకుని భాగించమనడానికి కారణం ఉంది, పీక్ లిస్టులో అంకెలు మూడు దశాంశాలకే కుదిస్తే పక్కపక్క గీతల్లో ఆ కోత తప్పు పెద్దదిగా కనిపిస్తుంది. సిగ్నల్ స్థానం అడిగితే మాత్రం మధ్య బిందువు చెప్పాలి, 4.12 అని, ఏదో ఒక గీతది కాదు.

ఈ J హెర్ట్జ్‌లో ఎప్పుడూ అంతే ఉంటుంది, మెషీన్ మారినా మారదు. పాత పాఠ్యపుస్తకాల్లో ఉండే 60 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రాలలో క్వార్టెట్ అంత వెడల్పుగా పరుచుకుని ఉండటానికి కారణం ఇదే: 7.1 హెర్ట్జ్ అక్కడ 0.12 పీపీఎం అవుతుంది, 400 మీద 0.018 మాత్రమే. పుస్తకంలో బొమ్మ చూసి అలవాటు పడ్డవాళ్లు కొత్త మెషీన్ మీద స్పెక్ట్రమ్‌ని జూమ్ చేయకుండా చూస్తే క్వార్టెట్ ఒకే మందపాటి గీతలా కనబడి సింగ్లెట్ అని రాసేస్తారు. ప్రతి సిగ్నల్‌నీ పెద్దది చేసి చూడండి, ఒక్కటీ వదలకుండా.

దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది పలుచటి శాంపిల్‌లో వస్తుంది. 1:3:3:1లో చివరి గీతలు ఒక్కోటి మొత్తంలో ఎనిమిదో వంతే. సిగ్నల్ బలహీనంగా ఉంటే అవి నాయిస్‌లో మునిగిపోయి మధ్య రెండే మిగులుతాయి, చూడటానికి డబ్లెట్ లాగే ఉంటుంది. అనుమానం వస్తే నిలువు స్కేల్ పెంచి బేస్‌లైన్ దగ్గర వెతకాలి, అటు ఒకటి ఇటు ఒకటి చిన్న గీతలు అదే ఎడంలో ఉంటే అది క్వార్టెట్టే.

ఇంకొక్క మాట, ఈ మూడు సిగ్నళ్లు మీరు అసలు కోరుకోని చోట కూడా కనిపిస్తాయి. కాలమ్ వేసేటప్పుడు ఇథైల్ ఎసిటేట్ వాడతాం, రోటరీ ఎవాపరేటర్ మీద పూర్తిగా పోదు, తర్వాత ప్రోడక్ట్ స్పెక్ట్రమ్‌లో 4.12, 2.05, 1.26 దగ్గర ప్రత్యక్షమవుతుంది. ప్రోడక్ట్‌లో ఎసిటేట్ గానీ ఇథైల్ ఎస్టర్ గానీ ఉండాల్సినప్పుడు ఇది మరీ మోసం చేస్తుంది. ఇంటిగ్రేషన్ మీద ఆధారపడండి: ఈ మూడూ తమలో తాము 2:3:3గా ఉండి, మిగతా ప్రోడక్ట్ సిగ్నళ్లతో పోలిస్తే పూర్ణాంకానికి రాకుండా 0.4, 0.6 అని వస్తుంటే అది ద్రావణి మిగులు. వాక్యూమ్ పంపు మీద మళ్లీ ఉంచి స్పెక్ట్రమ్ తీస్తే తగ్గుతుంది, ప్రోడక్ట్‌దైతే తగ్గదు. అలాగే CDCl3 వాడినప్పుడు 7.26 దగ్గర వచ్చే CHCl3, 1.56 దగ్గర వచ్చే నీరు మీ అణువువి కావు, వాటిని ముందే గుర్తు పెట్టేసి పక్కన పెట్టండి.

వచ్చే భాగంలోపు ఇది చేయండి. ఫార్ములా అదే, C4H8O2, మళ్లీ ఎస్టరే. 8.0 పీపీఎం దగ్గర ఒక ప్రోటాన్, సింగ్లెట్. 5.1 దగ్గర ఒక ప్రోటాన్, మీకు అయిదు గీతలే స్పష్టంగా కనిపిస్తున్నాయి. 1.3 దగ్గర ఆరు ప్రోటాన్లు, డబ్లెట్, J దాదాపు 6.3 హెర్ట్జ్. నిర్మాణం గీయండి. 5.1 దగ్గర నిజంగా ఎన్ని గీతలు ఉండాలో ఆరు ప్రోటాన్ల నుంచి లెక్కేసి, మిగిలినవి ఎందుకు కనబడలేదో వాటి ఎత్తుల నిష్పత్తితో చెప్పండి. అయిదో భాగం ఈ జవాబుతోనే మొదలుపెడతాను, అక్కడి నుంచి ఒక CHకి రెండు వైపులా వేర్వేరు పొరుగులు ఉన్నప్పుడు n+1 ఎక్కడ చెల్లకుండా పోతుందో చూద్దాం.