వేసవిలో ఐస్‌క్రీం డబ్బా కొనే ముందు: లేబుల్ మీది ఎమల్సిఫయర్ విషయంలో జాగ్రత్తలు

మార్చి నెల దాటితే మన ఇళ్లలో ఫ్రిజ్ పై అరలోకి లీటరు ఐస్‌క్రీం డబ్బా చేరుతుంది. ఆ డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా చివర "ఎమల్సిఫయర్ (ఐఎన్ఎస్ 471)" అని ఉంటుంది. ఆ అంకెను చూసి ఇదేదో రసాయనమని డబ్బాను తిరిగి పెట్టేసేవారు కొందరైతే, అసలు ఆ వైపే చూడనివారు ఎక్కువమంది. ఆ పదార్థం చేసే పని తెలిస్తే, దేనికి భయపడనక్కరలేదో, దేని విషయంలో మాత్రం కళ్లు తెరిచి ఉండాలో సులభంగా తేల్చుకోవచ్చు.

నూనె, నీరు కలవవు. గిలకొట్టినప్పుడు కాసేపు కలిసినట్టు కనిపించినా, వదిలేస్తే నూనె పైకి తేలిపోతుంది. ఎమల్సిఫయర్ అణువు ఒక కొన కొవ్వును, రెండో కొన నీటిని అంటిపెట్టుకుంటుంది కాబట్టి, అది కొవ్వు బిందువుల చుట్టూ చేరి వాటిని నీటిలో చెదిరి ఉండేలా చూస్తుంది. గుడ్డు పచ్చసొనలోని లెసిథిన్ చేసేది కూడా ఇదే పని. పాత పద్ధతిలో ఐస్‌క్రీం చేసేవారు పచ్చసొన కలపడానికి రుచి ఒక్కటే కారణం కాదు. చాక్లెట్ రేపర్ల మీద కనిపించే 322 అనే సంఖ్య ఈ లెసిథిన్‌దే, కాకపోతే నేడు అది ఎక్కువగా సోయా నుంచి వస్తుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. పాలలోని కొవ్వు చుట్టూ సహజంగానే ప్రొటీన్లతో కూడిన పొర ఉండి దానిని నీటిలో నిలిపి ఉంచుతున్నప్పుడు, ఐస్‌క్రీంలోకి వేరే ఎమల్సిఫయర్ ఎందుకు? దీనికి సమాధానం మజ్జిగ చిలికినవారికి తేలికగా అర్థమవుతుంది. కవ్వం ఆడుతున్నకొద్దీ కొవ్వు బిందువుల పైపొర చిరిగి, అవి ఒకదానికొకటి అంటుకుని, చివరకు వెన్న ముద్దగా పైకి వస్తాయి. ఐస్‌క్రీం యంత్రంలో జరగవలసినది ఈ వెన్న పడే ప్రక్రియే, అయితే సగం దూరంలో ఆగాలి. కర్మాగారంలో కాచి చల్లార్చిన పాల మిశ్రమాన్ని సుమారు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం నాలుగు గంటలు ఉంచుతారు. ఆ సమయంలో 471 కొవ్వు బిందువుల మీది ప్రొటీన్ పొరను కొంత పక్కకు నెట్టి, తాను ఆ చోట చేరి, పొరను పలుచన చేస్తుంది. తరువాత గడ్డకట్టిస్తూ గాలి కొడుతున్నప్పుడు పలుచబడిన బిందువులు గొలుసుల్లా అతుక్కుని గాలి బుడగల చుట్టూ గోడ కడతాయి. అంటే, పేరుకు కొవ్వును, నీటిని కలిపే ఈ పదార్థం, ఐస్‌క్రీంలో కొవ్వును కొద్దిగా విడదీయడానికే వాడబడుతోంది. యంత్రం అతిగా తిప్పితే నిజంగానే వెన్న పలుకులు ఏర్పడి నాలుకకు జిడ్డుగా తగులుతాయి.

ఇప్పుడు లేబుల్ దగ్గరకు వద్దాం. పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరుసగా రాయాలన్నది మన ఆహార భద్రత సంస్థ నియమం. ఎమల్సిఫయర్, స్టెబిలైజర్, రంగు వంటి వాటికి మాత్రం అది చేసే పని పేరును, పక్కన దాని పేరు గాని అంతర్జాతీయ సంఖ్యను గాని వేయాలి. ఉదాహరణకు ఒక లీటరు డబ్బా మీద నీరు, పాల ఘనపదార్థాలు, చక్కెర, మొక్కల కొవ్వు, ద్రవ గ్లూకోజ్, ఎమల్సిఫయర్ (471), స్టెబిలైజర్లు (412, 466), రంగు, సువాసన అని ఉందనుకుందాం. ఇందులో నేను ముందు చూసేది 471ని కాదు, మొక్కల కొవ్వును. పాల కొవ్వు స్థానంలో అది ఉంటే ఆ డబ్బా ఐస్‌క్రీం కాదు, ఫ్రోజెన్ డెసర్ట్; ముందువైపు ఆ మాట ఉంటుంది. ఇక 412 అంటే గోరుచిక్కుడు గింజల నుంచి వచ్చే గ్వార్ గమ్, 466 అంటే సెల్యులోజ్ నుంచి తయారయ్యే సీఎంసీ. ఈ రెండూ నీటిని చిక్కబరుస్తాయి, 471 కొవ్వు సంగతి చూస్తుంది. కొన్ని డబ్బాల మీద మూడింటినీ ఒకే శీర్షిక కింద కలిపి రాస్తారు కాబట్టి ఏ అంకె ఏ పని చేస్తుందో తెలిసి ఉండటం మంచిది.

లీటరు డబ్బాలో సగం దాకా గాలే ఉంటుంది కనుక దాని బరువు సుమారు 540 గ్రాములు ఉందనుకుందాం. ఎమల్సిఫయర్ సాధారణంగా మిశ్రమంలో 0.1 నుంచి 0.3 శాతం వరకు వాడతారు. 0.2 శాతం లెక్కన డబ్బా మొత్తంలో దాదాపు ఒక గ్రాము, 100 మిల్లీలీటర్ల కప్పులో గ్రాములో పదో వంతు వస్తుంది. 471 కొవ్వు నుంచి తయారైనదే, పేగులో మామూలు కొవ్వులాగే జీర్ణమవుతుంది. ఐరోపా ఆహార భద్రత సంస్థ 2017లో దీనిని మళ్లీ పరిశీలించి, రోజుకు ఇంతకు మించకూడదన్న పరిమితి విధించవలసిన అవసరం లేదని తేల్చింది.

వేసవిలో అసలు జాగ్రత్త అవసరమైనది మరొక చోట ఉంది. ఎమల్సిఫయర్ కట్టిన కొవ్వు గోడ, స్టెబిలైజర్ల చిక్కదనం కలిసి ఐస్‌క్రీం ఆకారాన్ని మంచు కరిగిన తరువాత కూడా కొంతసేపు నిలబెడతాయి. ఎండలో గంట సేపు ఉంచినా కారిపోని ఐస్‌క్రీంను చూపించి, అందులో ప్లాస్టిక్ కలిపారని చెప్పే వీడియోలు ప్రతి ఏప్రిల్‌లోనూ ఫోన్లలో తిరుగుతుంటాయి. ప్లాస్టిక్ మాట అబద్ధం, ఆకారం నిలవడం మాత్రం నిజం. లోపలి మంచు కరిగి, వేడి సూక్ష్మజీవులు పెరిగే స్థాయికి చేరినా పైరూపం చెదరకపోవచ్చు. ఎమల్సిఫయర్ నిల్వ పదార్థం కాదు, సూక్ష్మజీవులను ఆపదు. అందుచేత ముద్ద గట్టిగా నిలబడి ఉందన్నది తాజాదనానికి ఆధారం కాదు.

దానికి బదులు వేరే గుర్తులు చూడాలి. దుకాణంలోని ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి, డబ్బాను నొక్కితే రాయిలా తగలాలి. ఇంటికి వచ్చి మూత తీసినప్పుడు ఐస్‌క్రీం అంచుల నుంచి విడిపోయి మట్టం కిందికి కుంగి ఉన్నా, అడుగున చక్కెర పాకం వంటిది జిగటగా చేరి ఉన్నా, నాలుకకు ఇసుకలా మంచు పలుకులు తగిలినా, అది దారిలో ఎక్కడో కరిగి తిరిగి గడ్డకట్టిందని గ్రహించాలి. కొట్టిన గాలి పోయి, కొవ్వు గోడ కూలిన తరువాత దానిని తిరిగి గడ్డకట్టిస్తే ఆ నిర్మాణం మళ్లీ రాదు. కరెంటు పోయి ఇంట్లో పూర్తిగా కరిగి గంటల తరబడి ఉన్న దానిని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకుండా పారేయడమే మేలు, ఎందుకంటే గడ్డకట్టించడం వల్ల సూక్ష్మజీవుల పెరుగుదల ఆగుతుందే తప్ప అవన్నీ చావవు.

ప్యాకెట్ మీద అంత అనుమానం ఉన్నవారు చాలాసార్లు ఇంట్లోనే చేసుకుందామనుకుంటారు. కేకు సామాను దుకాణాల్లో దొరికే జీఎంఎస్ పొడి, సీఎంసీ పొడి కొని, అర లీటరు పాలకు ఒక టేబుల్ స్పూను జీఎంఎస్, పావు టీ స్పూను సీఎంసీ వేసే పద్ధతి చాలామందికి తెలిసినదే. ఆ జీఎంఎస్ మరేదో కాదు, డబ్బా మీద 471గా కనిపించే జాతికి చెందినదే. టేబుల్ స్పూను సుమారు ఎనిమిది గ్రాములు, క్రీమ్, చక్కెర కలిసిన మిశ్రమం మొత్తం 800 గ్రాములు అనుకుంటే ఎమల్సిఫయర్ ఒక శాతం అవుతుంది, అంటే కర్మాగారం వాడేదానికి అయిదు రెట్లు. దీనివల్ల ఆరోగ్యానికి ముప్పు ఉందని నేను చెప్పడం లేదు. కానీ అంగిలికి మైనం పూసినట్టుండే ఆ జిడ్డు చాలా వరకు ఈ ఎక్కువ మోతాదు వల్లనే వస్తుంది. టీ స్పూనుతో సరిపెట్టుకుని చూడండి. ఈ పొడి చల్లని పాలలో కరగదు, పలుకులుగా మిగిలిపోతుంది. కనుక పాలు మరుగుతున్నప్పుడే ఉండలు కట్టకుండా కలిపి, చల్లారాక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, తెల్లవారి బీటర్‌తో గిలకొట్టాలి. రాత్రంతా ఉంచమనేది కర్మాగారంలో నాలుగు గంటలు ఉంచడానికి ఉన్న కారణం చేతనే. జీఎంఎస్‌ను సౌందర్య సాధనాల్లోనూ, ప్లాస్టిక్ పరిశ్రమలోనూ కూడా వాడతారు కాబట్టి, ఆహారానికి పనికివచ్చేదని రాసి, పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య ఉన్న ప్యాకెట్‌నే కొనాలి. విడిగా తూచి ఇచ్చేది వద్దు.

శాకాహారులు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. 471ని పామాయిల్ నుంచీ, జంతువుల కొవ్వు నుంచీ కూడా చేయవచ్చు, ఆ రెండింటికీ సంఖ్య ఒకటే. మన దేశంలో ఆకుపచ్చ చుక్క ఉంటే ఆ సందేహం తీరినట్టే, మాంసాహార పదార్థానికి గోధుమరంగు త్రిభుజం గుర్తు వేయాలి. అమెరికాలో ఉంటున్న మనవారికి ఈ సౌకర్యం లేదు. అక్కడ లేబుల్ మీద 471కి బదులు మోనో అండ్ డైగ్లిజరైడ్స్ అన్న దాని పేరు మాత్రమే ఉండి, అవి దేని నుంచి వచ్చాయో లేకపోవచ్చు, కనుక వీగన్ ముద్ర ఉన్న దానిని ఎంచుకోవడమో, తయారీదారుకు రాసి అడగడమో చేయాలి. సోయా, గుడ్డు, పాలు పడనివారు మాత్రం అంకెలను నమ్ముకోకుండా, జాబితా కింద విడిగా ఇచ్చే అలర్జీ వాక్యాన్ని చదవాలి.

ఇక మిగిలింది పేగు వ్యాధులున్నవారి సంగతి. 2015లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో సీఎంసీ అనే స్టెబిలైజర్, పాలీసార్బేట్ 80 అనే ఎమల్సిఫయర్ పేగులోని సూక్ష్మజీవుల తీరును మార్చి, వాపును పెంచినట్టు కనిపించింది. 2022లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యవంతులైన పదహారుమందిని తీసుకుని, కొందరికి పదకొండు రోజులు రోజుకు 15 గ్రాముల సీఎంసీ ఇవ్వగా, వారి పేగు సూక్ష్మజీవుల్లో మార్పు వచ్చింది, తిన్న తరువాత కడుపులో అసౌకర్యం పెరిగింది. మన లీటరు డబ్బాలో సీఎంసీ కూడా 0.2 శాతమే ఉందనుకుంటే, 15 గ్రాములకు దాదాపు పద్నాలుగు డబ్బాలు కావాలి. అయితే ఇటువంటి పదార్థాలు రొట్టె, కేకు, సాసు, చాక్లెట్ల రూపంలో ఏళ్ల తరబడి కలిసి చేరుతుంటాయి, పదకొండు రోజుల ప్రయోగం ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేదు. ఆరోగ్యవంతులు వేసవిలో అప్పుడప్పుడు తినే కప్పు గురించి ఆందోళన అక్కరలేదని నా అభిప్రాయం. క్రోన్స్ వంటి పేగు వాపు వ్యాధి ఉన్నవారికి మాత్రం కొందరు వైద్యులు ఈ పదార్థాలను తగ్గించమని సూచిస్తున్నారు. అటువంటి వారు సీఎంసీకి ఉన్న 466, పాలీసార్బేట్ 80కి ఉన్న 433 సంఖ్యలను గుర్తుంచుకుని, తాము తరచుగా కొనే నాలుగైదు ప్యాకెట్ల వెనుక భాగాన్ని ఫోటో తీసి, వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లాలి.